ముందు తోక, తర్వాతే చార

జామచెట్టు కింద సగం కొరికిన కాయ. ప్రహరీ గోడ మీద మసగ్గా ఏదో జంతువు. ఫోను తీసి నొక్కేలోపు అది కదిలింది, దాంతోపాటు ఫొటో కూడా చెదిరింది. ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టగానే అమ్మమ్మ ఉడుత అంటుంది. బావ ఎలుక అంటాడు. ఊళ్లో ఉన్న పెదనాన్న "కాదురా, అది ముంగిస పిల్ల" అని తేల్చేస్తాడు. ముగ్గురూ వెతికేది మాత్రం ఒకే చోట, వీపు మీద. చారలుంటే ఉడుత, లేకపోతే ఇంకోటి. చిన్నప్పటి నుంచి శ్రీరాముడి మూడు వేళ్ల కథ వింటూ పెరిగిన వాళ్లం కనుక ఆ అలవాటు అంత తేలిగ్గా పోదు.

ఎదురుగా కూర్చున్న ఉడుతకు ఆ పద్ధతి సరిపోతుంది. ఫొటోలో ఉన్న ఉడుతకు చాలాసార్లు సరిపోదు. మూడు చారలు స్పష్టంగా కనిపిస్తే సందేహం అక్కడితో తీరిపోతుంది, నిజమే. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఫొటోలో అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది చారే. చివరిదాకా నిలిచేది తోక. పెరటి ఫొటోల్లో జంతువుల్ని గుర్తుపట్టడం అలవాటున్నవాళ్లు తోకతో మొదలుపెట్టి, కొలత మీదుగా, చివరికి చార దగ్గరికి వస్తారు.

తోక దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న, అది ఎక్కడ మొదలవుతోంది అని. పొడవు, రంగు తర్వాత చూసుకోవచ్చు.

ఎలుకలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు దొరుకుతుంది. గుండ్రంగా ఉబ్బిన పిరుదులు ఒక్కసారిగా ఆగిపోతాయి, అక్కణ్నుంచి సన్నని బోసి తోక బయల్దేరుతుంది. బొచ్చు ఎక్కడ ఆగిందో, తోక ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపించవచ్చు. దగ్గరి ఫొటో అయితే తోక మీద పొలుసుల వరసలు ఉంగరాలు తొడిగినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య పొట్టి వెంట్రుకలు ఉంటాయి గానీ అవి ఫొటోకి అందవు. దూరం నుంచి తీసిన ఫొటోలో ఎలుక తోక అంటే గట్టి అంచున్న ఒక గీత, అంతే.

ముంగిసలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. నడుము ఎక్కడ అయిపోయిందో, తోక ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. తోక మొదలు బాగా లావుగా, శరీరమంత బొచ్చుతో ఉండి, చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. తల నుంచి తోక కొస దాకా ఒకే గీతగా, నేలకు దగ్గరగా సాగిపోయే ఆకారం కనిపించిందంటే ముందు ముంగిసనే అనుమానించాలి. మన ఊళ్ల చుట్టూ తిరిగే బూడిదరంగు ముంగిస తోక దాదాపు దాని శరీరమంత పొడవు ఉంటుంది. కొస లేత రంగులో, కాస్త తెలుపుగానో ఎర్రగానో ఉంటుంది, నల్లగా మాత్రం ఉండదు. నల్లని కొస ఉండి, ఆ కొసను కొంచెం పైకి వంచి నడుస్తుంటే అది ఎర్రముంగిస. అది ఎక్కువగా అడవి అంచుల్లో ఉంటుంది. నల్లమల చుట్టుపక్కల తోటల నుంచి వచ్చే ఫొటోల్లో ఈ తేడాను చూడటం మరిచిపోకూడదు.

ఉడుత తోక సీసాలు కడిగే బ్రష్షు లాంటిది. మధ్యలో సన్నని కాడ, చుట్టూ అన్ని వైపులకీ విచ్చుకున్న వెంట్రుకలు, మొదటి నుంచి కొస దాకా ఇంచుమించు ఒకే వెడల్పు. ఒక్కో వెంట్రుక మీదా నలుపు, తెలుపు పట్టీలు ఉంటాయి కనుక తోక అంచు నెరిసినట్టు కనిపిస్తుంది. ఎదురెండలో తీసిన ఫొటోలో ఇది మరీ బాగా తెలుస్తుంది. మధ్యలో నల్లని కాడ, చుట్టూ వెలుతురు దూరిన లేత అంచు. ఫొటో పాడైపోయిందని చాలామంది ఇలాంటివి తీసేస్తారు. గుర్తింపుకు మాత్రం ఆ ఎదురెండే ఎక్కువ పనికొస్తుంది. ఉడుత శరీరం పూర్తిగా నల్లబడిపోయినా తోక అంచు చెప్పాల్సింది చెప్పేస్తుంది.

తోకను ఎలా పట్టుకుందో కూడా చూడాలి. ఉడుత బెదిరినప్పుడు తోకను వీపు మీదికి ఎగరేసి కుదుపుతూ అరుస్తుంది. తింటున్నప్పుడు వీపుకు ఆనించుకునో కిందికి వేలాడేసో కూర్చుంటుంది. ముంగిస తోక నడకలో వెనక్కి చాచి ఉంటుంది, భయపడితేనో కోపం వస్తేనో బొచ్చంతా నిక్కబొడుచుకుని రెండింతలు లావవుతుంది. పాముకు ఎదురు నిలిచిన ముంగిస ఫొటోలు చూసి, అదే దాని మామూలు ఆకారం అనుకునేవాళ్లు చాలామంది. మామూలుగా నడిచిపోయే ముంగిస అంతకన్నా బాగా సన్నగా ఉంటుంది. పెరటి కెమెరాలో పడేది ఎక్కువగా ఈ సన్నటి ముంగిసే.

ఇంత నమ్మకమైన తోక కూడా కొన్నిచోట్ల మోసం చేస్తుంది. వానలో తడిసిన ఉడుత తోక కాడకు అంటుకుపోయి, అచ్చం ఎలుక తోకలా వేలాడుతుంది. గూట్లోంచి కొత్తగా బయటికొచ్చిన ఉడుత పిల్లలకు తోక ఇంకా గుబురెక్కి ఉండదు. పిల్లి నోటి నుంచి తప్పించుకున్న ఉడుతలు మొండితోకతో తిరుగుతుంటాయి. ఎలుకలకూ తోకలు తెగుతాయి. అందుకే తోక పొట్టిగా ఉందన్నది చిట్టచివరి ఆధారంగానే పనికొస్తుంది. మరీ ఇబ్బంది పెట్టేది జంతువు కెమెరా వైపు తిరిగి ఉన్న ఫొటో. అప్పుడు తోక శరీరం వెనక దాక్కుంటుంది, లేదా దాని పొడవు కుదించుకుపోయి కనిపిస్తుంది. ఎదురుముఖం ఫొటోలో తోక పొడవు గురించి వాదించడం దండగ. అప్పుడు చెవులు చూసుకోవడం మేలు. ఇళ్లలో తిరిగే ఎలుక చెవులు పెద్దవి, పల్చనివి, నిటారుగా పైకి లేచి ఉంటాయి. ముంగిస చెవులు పొట్టిగా, గుండ్రంగా, తలకు రెండు పక్కలా కిందికి అతుక్కుని ఉంటాయి.

ఇక కొలత. ఇక్కడ చాలామందికి ఒక దురభిప్రాయం ఉంది. ఉడుత చిన్నది, ఎలుక అంతకన్నా పెద్దది, ముంగిస అన్నిటికన్నా పెద్దది, కాబట్టి సైజు చూస్తే చాలు అనుకుంటారు. ఉడుత శరీరం సుమారు 15 సెంటీమీటర్లు, తోక కూడా ఇంచుమించు అంతే. ఇళ్లలో, కొబ్బరి తోటల్లో తిరిగే మామూలు ఎలుక శరీరం 16 నుంచి 22 సెంటీమీటర్లు. అంటే పెద్ద ఉడుతా చిన్న ఎలుకా ఒకే కొలతకు వస్తాయి. ఈ రెండింటినీ సైజు విడదీయలేదు. తోక బొచ్చే విడదీయాలి. ఆ తర్వాత తోక నిష్పత్తి ఉంది. మామూలు ఇంటి ఎలుక తోక దాని శరీరం కన్నా పొడవు. ఆ ఎలుక చెట్లెక్కడంలో, కేబుల్ తీగల మీద నడవడంలో ఉడుతకు తీసిపోదు. కొబ్బరి మొవ్వులో కాపురం పెట్టి లేత కాయలకు బొక్కలు పెట్టేది అదే. చెట్టు మీద కనిపించింది కాబట్టి ఉడుతే అన్న లెక్క అక్కడే తప్పుతుంది.

సైజు పనికొచ్చేది మరో చోట, ముంగిసకూ మిగతావాటికీ మధ్య. ఎదిగిన బూడిదరంగు ముంగిస శరీరమే 36 నుంచి 45 సెంటీమీటర్లు, దానికి తోడు అంత తోక. మూతి నుంచి తోక కొస దాకా కొలిస్తే మీటరుకు కాస్త తక్కువ. ఉడుతతో గానీ ఎలుకతో గానీ దీన్ని పొరబడే అవకాశం లేదు. పొరబడేది పందికొక్కుతో. పెద్ద జాతి పందికొక్కు శరీరం 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బరువు కిలో దాటేవీ ఉంటాయి. తల్లి వెంట తిరిగే ముంగిస పిల్లలు ఒక దశలో సరిగ్గా ఈ కొలతకే వస్తాయి. పెదనాన్న చెప్పే "ముంగిస పిల్ల" తీర్పుల్లో చాలావరకు ఇక్కడే తేడా కొడతాయి.

ఫొటోలో సెంటీమీటర్లు ఎలా తెలుస్తాయి? పక్కన కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. మన పెరళ్లలో అలాంటివాటికి కొదవలేదు. ప్రహరీ గోడలు కట్టే సిమెంటు దిమ్మ సాధారణంగా 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు ఉంటుంది. మామూలు ఎర్ర ఇటుక దాదాపు 9 అంగుళాలు. కుండీల కొలత దుకాణంలోనే చెబుతారు. ఆ వస్తువు జంతువుకు ఎంత దగ్గరగా ఉంటే కొలత అంత నమ్మకంగా వస్తుంది. కెమెరాకు దగ్గరగా ఉన్న ఉడుత, దాని వెనక దూరంగా ఉన్న బకెట్ కన్నా పెద్దదిగా కనిపించడంలో వింతేమీ లేదు. జంతువు వెళ్లిపోయాక అదే చోట ఒక స్కేలు గానీ చెప్పు గానీ పెట్టి, కెమెరా కదపకుండా ఇంకో ఫొటో తీసుకుంటే సగం వాదన తగ్గుతుంది. ఇంట్లో సీసీ కెమెరా ఉన్నవాళ్లకు ఇది మరీ తేలిక. కెమెరా ఎక్కడికీ పోదు కదా.

తోకకూ శరీరానికీ ఉన్న నిష్పత్తికి మాత్రం స్కేలు కూడా అక్కర్లేదు. జంతువు పక్కకు తిరిగి, తోక చాచి ఉంటే చాలు, అది దగ్గరున్నా దూరమున్నా నిష్పత్తి మారదు. స్క్రీను మీద కాగితం ముక్క ఆనించి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఒక గుర్తు పెట్టి, అదే కాగితాన్ని తోక మీద పెట్టి చూసినా తెలిసిపోతుంది.

ఇప్పుడు చార సంగతి. తెలుగు రాష్ట్రాల పెరళ్లలో తిరిగే ఉడుత వీపు మీద ముదురు రంగు నేపథ్యంలో మూడు లేత చారలు మెడ వెనక నుంచి తోక మొదలు దాకా సాగుతాయి. ఇది దక్షిణాది ఉడుత. ఉత్తర, మధ్య భారతంలో ఎక్కువగా ఉండేది ఐదు చారల ఉడుత. వీపు మీది మూడింటికి తోడు రెండు పక్కలా కిందుగా ఒక్కో మసక చార ఉంటుంది. దక్కన్ పీఠభూమిలో రెండింటి ఇలాకాలూ కలుస్తాయి కనుక తెలంగాణ ఫొటోల్లో ఈ ప్రశ్న రావచ్చు. పైనుంచి తీసిన ఫొటోతో దీనికి జవాబు చెప్పలేం. డొక్క మీది ఆ అదనపు చార కనిపించాలంటే పక్క నుంచి తీసిన, మంచి వెలుతురున్న ఫొటో కావాలి. పైనుంచి మూడే లెక్కపెట్టి మూడు చారల జాతి అని రాసేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఈ ఐదు చారల ఉడుతే 1898లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చేరింది. అక్కడి జంతు ప్రదర్శనశాల నుంచి బయటపడి చుట్టుపక్కల పేటల్లో స్థిరపడింది. పెర్త్‌లో ఉన్న తెలుగువాళ్లు "మా పెరట్లో మన ఉడుత" అని ఫొటో పంపితే అది అబద్ధం కాకపోవచ్చు. అమెరికా నుంచి అదే మాటతో వచ్చే ఫొటో వేరు. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో చారలున్న చిన్న జంతువు చిప్‌మంక్. దాని చారలు వీపుతో ఆగవు, ముఖం మీద కూడా ఉంటాయి. మన ఉడుత ముఖం మీద చారలు ఉండవు. అక్కడి పెద్ద బూడిదరంగు ఉడుతకైతే ఒంటి మీద అసలు చారే లేదు. చార లేదు కనుక అది ఉడుత కాదని వాదించే పెద్దవాళ్లకు ఈ ఒక్క ఫొటో చాలు.

ఫొటోలో చార ఎందుకు చెరిగిపోతుంది? ఉడుత వీపు మీద ఒక్కో లేత చార వెడల్పు అరసెంటీమీటరుకు అటూ ఇటూ. పది మీటర్ల అవతలి ఉడుతను ఫోనులో జూమ్ చేసి తీస్తే ఆ అరసెంటీమీటరు కొద్ది చుక్కలకు కుదించుకుపోతుంది. పైగా వెలుతురు తగ్గినప్పుడు ఫోను తనంతట తాను గరుకుదనాన్ని సాఫు చేస్తుంది. ఆ సాఫులో చారలూ గరుకే అనుకుని నున్నగా తుడిచేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అయితే లేత చారా, వీపు మెరుపూ కలిసి తెల్లబడిపోతాయి. జంతువు పరుగెత్తుతుంటే చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇన్నిటిని దాటుకుని చార బయటపడాలి.

దీనికి తిరగబడ్డ మోసం కూడా ఒకటుంది. కొబ్బరాకు నీడ పడితే ఏ జంతువు వీపు మీదైనా చారలు పుడతాయి. నిజమైన చార అయితే వీపు ఎటు వంగితే అటు వంగుతుంది. నీడ అయితే జంతువు దాటి గోడ మీదా, నేల మీదా అదే వాలులో కొనసాగుతుంది. ముంగిస ఒంటి మీద చారలేమీ ఉండవు గానీ, దాని ఒక్కో వెంట్రుక మీదా లేత, ముదురు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. అందుకే దగ్గరి ఫొటోలో దాని ఒళ్లంతా ఉప్పూ మిరియాలూ చల్లినట్టు, దూరం ఫొటోలో ఒకే బూడిదరంగులో కనిపిస్తుంది. ఎలుక బొచ్చులో ఈ చుక్కల మెరుపు ఇంత స్పష్టంగా ఉండదు.

ఫొటో మూలన ఉండే గడియారాన్ని చాలామంది పట్టించుకోరు. ఉడుత పగటి జీవి. సూర్యోదయంతో పనిలోకి దిగి, చీకటి పడేసరికి గూటికి చేరుతుంది. ముంగిస కూడా ప్రధానంగా పగలే తిరుగుతుంది. ఎలుక, పందికొక్కు రాత్రి జీవులు. రాత్రి రెండు గంటలకు కెమెరాలో పడినదాన్ని ఉడుత అనడానికి చాలా గట్టి ఆధారం కావాలి. 1872లో జమైకాలోని ఒక చెరుకు తోట యజమాని ఎలుకల బెడద వదిలించుకోవడానికి కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని తెప్పించాడు. వాటి సంతతినే 1883లో హవాయి దీవుల చెరుకు తోటలకూ తీసుకెళ్లారు. ముంగిసలు ఎలుకల్ని కొంతవరకు తిన్నా, ఆశించినట్టు ఎలుకల పీడ మాత్రం విరగడ కాలేదు. పైగా నేల మీద గూళ్లు పెట్టే పక్షులకు కొత్త శత్రువు తయారైంది. అనుకున్నంత పని జరగకపోవడానికి చెప్పే కారణాల్లో ముఖ్యమైనది ఈ వేళల తేడా. పగలు తిరిగేదీ, రాత్రి తిరిగేదీ ఎదురుపడటం తక్కువ.

పగటి ఎలుక అసలే ఉండదని దీనర్థం కాదు. ఎలుకలు బాగా పెరిగినచోట, తిండికి కరువొచ్చినచోట పట్టపగలే బయటికొస్తాయి. సంధ్య వేళల్లో రెండు రకాలూ కనిపించవచ్చు. కెమెరా గడియారాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. కరెంటు పోయి వచ్చాక, బ్యాటరీ మార్చాక తేదీ, సమయం మొదటికి పోయే కెమెరాలున్నాయి. అలాంటప్పుడు ఫొటో రంగే సాక్ష్యం. సీసీ కెమెరాలు వెలుతురు చాలనప్పుడు రంగు వదిలేసి పరారుణ కాంతిలో నలుపు తెలుపులోకి మారతాయి. బొమ్మ నలుపు తెలుపులో ఉందంటే, కావాలని అలా సెట్ చేసి ఉంచితే తప్ప, అక్కడ చీకటిగా ఉందన్నమాటే.

ఒక ఉదాహరణ తీసుకుని ఇవన్నీ కలిపి చూద్దాం. విజయవాడ శివార్లలో ఒక ఇల్లు, డిసెంబరు నెల, పెరటి కెమెరాలో ఒక నలుపు తెలుపు ఫొటో అనుకుందాం. సమయం ఉదయం 4.40. సిమెంటు దిమ్మల ప్రహరీ గోడ వారగా ఒక జంతువు పక్కకు తిరిగి నడుస్తోంది. ఇంట్లో అందరూ ముంగిస పిల్ల అనే అంటున్నారు. పెద్దదిగా ఉంది, ఎలుకంత చిన్నది కాదు, అదీ వాళ్ల ఆధారం.

కంప్యూటర్ తెర మీద దిమ్మ పొడవు 8 సెంటీమీటర్లు ఉంది. అసలు దిమ్మ 16 అంగుళాలు, అంటే 40 సెంటీమీటర్లు. తెర మీది ఒక సెంటీమీటరు అక్కడ 5 సెంటీమీటర్లతో సమానం. జంతువు ముక్కు నుంచి తోక మొదలు దాకా తెర మీద 5.6 వచ్చింది. లెక్క ప్రకారం 28 సెంటీమీటర్లు. తోక 5 వచ్చింది, అంటే 25. అయితే జంతువు గోడను ఆనుకుని లేదు, అడుగు దూరం ఇవతలగా నడుస్తోంది. కెమెరా గోడకు 4 మీటర్ల దూరంలో ఉంటే, జంతువు 3.7 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ కాస్త తేడాకే అది సుమారు 8 శాతం పెద్దదిగా కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే శరీరం 26 సెంటీమీటర్లు, తోక 23. మొదటి లెక్కకూ సవరించిన లెక్కకూ పెద్ద తేడా లేదు గానీ, జంతువు గోడకు మీటరు ఇవతల ఉంటే ఇదే లెక్క 21 సెంటీమీటర్లకు దిగజారేది.

26 సెంటీమీటర్లంటే ఉడుత కాదు. ఎదిగిన ముంగిస కాదు. మామూలు ఇంటి ఎలుకకు మించిన కొలత. పైగా ఇంటి ఎలుక తోక శరీరాన్ని మించాలి, ఇక్కడ తోక శరీరం కన్నా కొంచెం తక్కువ. మిగిలినవి రెండే, పెద్ద పందికొక్కు, ముంగిస పిల్ల. కొలత ఇక్కడితో చేతులెత్తేస్తుంది.

మళ్లీ తోక దగ్గరికే రావాలి. పిరుదుల దగ్గర ఆకారం ఉన్నట్టుండి తెగిపోయి, అక్కణ్నుంచి తోక గీతలా బయల్దేరింది. అంచు గట్టిగా ఉంది, బొచ్చు మసక లేదు. శరీరం బొచ్చు కన్నా తోక రంగు వేరుగా తేలింది. పరారుణ కాంతిలో బోసి తోక ఒక్కోసారి తెల్లగా మెరుస్తున్నట్టు పడుతుంది, అదీ ఇక్కడ ఉంది. ముంగిస పిల్లకైనా తోక మొదలు లావుగా, బొచ్చుతోనే ఉంటుంది. వేళ చూస్తే డిసెంబరులో 4.40కి ఇంకా కటిక చీకటి. ముంగిస పిల్ల ఆ వేళలో ఒంటరిగా తిరగడం అరుదు. నడుము మీద పొడవాటి వెంట్రుకలు కొన్ని నిక్కి ఉన్నాయి, మూతి మొద్దుగా ఉంది. ఇవన్నీ పందికొక్కు వైపే చూపిస్తున్నాయి. మర్నాడు పొద్దున గోడ పునాది దగ్గర కొత్తగా తవ్విన కలుగు, దాని నోటి ముందు మట్టికుప్ప కనిపిస్తే ఇక వాదన అక్కర్లేదు.

అన్ని ఫొటోలూ ఇంత దారికి రావు. ఈ మూడు రకాల్లో దేనికీ చెందని అతిథి ఒకటి పెరటి ఫొటోల్లో తరచుగా ఎలుకగా చలామణి అవుతుంది. అది చుంచు, దగ్గరికొస్తే కంపు కొట్టేది. అది ఎలుక జాతిదే కాదు. ఎలుకలా కొరికి తినడం కన్నా పురుగుల్ని పట్టి తినడం దానికి ఇష్టం. మూతి బాగా పొడుగ్గా, పై దవడను దాటి ముందుకు సాగి ఉంటుంది. కళ్లు వెతికితే గానీ కనబడవు. తోక పొట్టి, మొదలు లావు, మీద అక్కడక్కడా పొడవాటి వెంట్రుకలు. తోక మొదలు లావు అన్న ఒక్క లక్షణం పట్టుకుని దీన్ని ముంగిస పిల్ల అన్నవాళ్లూ ఉన్నారు. శరీరం 10 నుంచి 15 సెంటీమీటర్లు మాత్రమే, తోక అందులో సగం. ముంగిస పిల్ల ఆ నిష్పత్తికి రాదు.

మెట్ట పొలాల వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ బొరియల్లో ఉండే ఒక రకం ఎలుకకు శరీరం కన్నా పొడవైన తోక, తోక చివర నల్లని కుచ్చు ఉంటాయి. కుచ్చు చూసి ఉడుత అనుకోవడం సహజమే. కానీ ఉడుత తోక బొచ్చు మొదటి నుంచే ఉంటుంది. దీనికి కొసన తప్ప మిగతా తోకంతా సన్నగానే ఉంటుంది. పైగా ఇది రాత్రి జీవి.

గుర్తింపు తప్పితే నష్టపోయేది ఎవరు? పెరట్లో కాయలు కొరుకుతున్నది ఎలుక అనుకుని పెట్టిన మందు, జిగురు అట్ట ఉడుతను బలి తీసుకుంటాయి. మందు తిని మత్తుగా తిరిగే ఎలుకను పట్టుకుని తిన్న ముంగిస, గుడ్లగూబ కూడా విషం బారిన పడతాయి. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతూనే ఉంటుంది. ప్రమాదమంతా ఆ రోజుల్లోనే. ముంగిసకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దాన్ని పట్టడం, చంపడం, దాని వెంట్రుకలతో చేసిన బ్రష్షులు అమ్మడం నేరం. ఫొటో తేల్చకుండా బోను పెట్టడం వల్ల వచ్చే చిక్కు ఇదీ.

కాబట్టి రెండో ఫొటోను కాస్త ఆలోచించి తీయడమే మేలు. కెమెరాను నేలకు అడుగు ఎత్తులో, గోడకు ఎదురుగా పెడితే జంతువు పక్కకు తిరిగి నడిచి వెళుతుంది, తోక పూర్తిగా పడుతుంది. ఎత్తులో, కిటికీ చూరుకు బిగించిన కెమెరా వీపును చూపిస్తుంది గానీ తోక మొదలును చూపించదు. ఎలుకలు, పందికొక్కులు ఎప్పుడూ గోడ వారనే, ఒకే దారిలో నడుస్తాయి కనుక అలాంటి చోట రెండు రాత్రులు పెట్టినా ఏదో ఒకటి పడుతుంది. చౌక కెమెరాలు చాలావాటికి మీటరు లోపు ఉన్నది మసకే. అంతకన్నా దగ్గరికి తేకూడదు. ఫోనుతో తీసేవాళ్లు ఒక్క ఫొటోతో ఆగకుండా వరసగా తీయడం మంచిది. పదింట్లో ఒక దాంట్లోనైనా తోక పక్కకు చాచి ఉంటుంది. గ్రూపులో పెట్టేటప్పుడు జంతువు మటుకే కత్తిరించి పెట్టకూడదు. పక్కన ఉన్న ఇటుక, కుండీ, మూలన ఉన్న సమయం కూడా అందులో కనిపించాలి. పెదనాన్నకు కావాల్సిన కొలత అక్కడే ఉంటుంది.